పల్ప్ ఫ్యాక్టరీ బోర్డులో చేరేముందు: డీ అండ్ ఓ పాలసీ దేనికి డబ్బిస్తుంది, దేనికి ఇవ్వదు

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, తిరుపతిలో ఉంటున్నాను. చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ నడిపే మా బంధువులు తమ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నన్ను డైరెక్టరుగా చేరమంటున్నారు. రోజువారీ పనేమీ ఉండదు, మీటింగులకొస్తే చాలంటున్నారు. "ఐదు కోట్లకు డీ అండ్ ఓ ఇన్సూరెన్స్ ఉంది, నీకేం భయం లేదు" అంటున్నారు. ఆ పాలసీ అసలు దేనికి డబ్బిస్తుంది, దేనికి ఇవ్వదు?

జవాబు:

డీ అండ్ ఓ అంటే డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్, వాళ్లమీద పడే కేసులకోసం తీసుకునే ఇన్సూరెన్స్. ఆ ఐదు కోట్లలో మీకు అక్కరకొచ్చేది ముందుగా లాయర్ ఖర్చు. తర్వాతే నష్టపరిహారం. అది కూడా మీ కేసు పాలసీలోని నాలుగైదు మినహాయింపుల్లో దేనికీ తగలకపోతేనే. కుటుంబ కంపెనీల్లో ఆ మినహాయింపులు తరచుగానే తగులుతాయి. అందుకని మీలాంటి కంపెనీనే తీసుకుని చెబుతాను.

ప్రీమియం కట్టేది కంపెనీ. రక్షణ మాత్రం డైరెక్టర్లకు, పెద్ద ఆఫీసర్లకు వ్యక్తిగతంగా ఉంటుంది. డైరెక్టరు హోదాలో మీరు చేసిన పనివల్లో, చేయాల్సింది చేయకపోవడంవల్లో తమకు నష్టం జరిగిందని వాటాదారుడో, ఉద్యోగో, అప్పిచ్చినవాడో, ప్రభుత్వ శాఖో మీమీదికి వస్తే ఈ పాలసీ పనిచేస్తుంది. లోపల దీనికి మూడు భాగాలుంటాయి. మొదటిది సైడ్ ఏ. కంపెనీ మీ ఖర్చు భరించలేని స్థితిలో ఉన్నా, భరించడానికి చట్టం ఒప్పుకోకపోయినా ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా మీకే చెల్లిస్తుంది. దీనిలో మీ చేతినుంచి ముందు పెట్టుకోవాల్సిన మొత్తం మామూలుగా సున్నా. రెండోది సైడ్ బీ. కంపెనీ మీ తరఫున లాయరుకు ఫీజు కడితే ఆ డబ్బు కంపెనీకి తిరిగొస్తుంది, కానీ మొదటి కొంత మొత్తం కంపెనీయే భరించాలి. మూడోది సైడ్ సీ, అంటే కంపెనీ మీదే కేసు పడితే. లిస్టెడ్ కంపెనీలకు ఇది షేర్లకు సంబంధించిన కేసులవరకే ఉంటుంది. ప్రైవేట్ కంపెనీ పాలసీల్లో కొన్నిటిలో విశాలంగా ఉంటుంది, కొన్నిటిలో అసలుండదు. ఉందో లేదో షెడ్యూలు చూస్తేనే తెలుస్తుంది.

ఆ ఐదు కోట్లు మీ ఒక్కరివి కావు. ఏడాది మొత్తానికి, డైరెక్టర్లందరికీ కలిపి, అన్ని కేసులకూ కలిపి ఐదు కోట్లు. లాయర్ ఫీజు కూడా దీనిలోనుంచే పోతుంది. మేనేజింగ్ డైరెక్టరు కేసులకు మూడు కోట్లు ఖర్చయితే మిగతావాళ్లకు రెండే మిగులుతాయి. సైడ్ సీ ఉంటే కంపెనీ కేసులు కూడా అదే మొత్తాన్ని తింటాయి. అందుకే మంచి పాలసీల్లో "ముందు వ్యక్తులకు చెల్లించాకే కంపెనీకి" అనే క్రమం రాసుంటుంది. లేకపోతే అడిగి రాయించమనండి.

ఇక మినహాయింపులు. మీ ఫ్యాక్టరీని బట్టి మొదట చూడాల్సింది ప్రమాదాల సంగతి. పల్ప్ యూనిట్‌లో బాయిలరు ఉంటుంది. కోల్డ్ స్టోరేజి ఉంటే అమోనియా కూడా ఉంటుంది. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో అమోనియా లీకై కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై ప్రాణాలు పోయాయి. జులైలో పోలీసులు సీఈవోతో సహా 12 మందిని అరెస్టు చేశారు. ఫ్యాక్టరీ భద్రత చట్టాల ప్రకారం కంపెనీ నడిపే ఫ్యాక్టరీకి ఆక్యుపయర్, అంటే చట్టం ముందు ఫ్యాక్టరీకి బాధ్యుడు, డైరెక్టర్లలోనే ఒకరు ఉండాలి, మేనేజరు పేరు చూపించి తప్పుకోవడం కుదరదు. కాబట్టి ప్రమాదం జరిగితే కేసు డైరెక్టరు గడప దాకా వస్తుంది. నిర్లక్ష్యంవల్ల మరణానికి 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వర్తిస్తోంది.

గాయపడినవాళ్లకు, చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారం డీ అండ్ ఓ ఎన్నటికీ ఇవ్వదు. అది ఉద్యోగుల నష్టపరిహార పాలసీ, పబ్లిక్ లయబిలిటీ పాలసీ చేసే పని. ఫ్యాక్టరీకి ఆ రెండూ ఉన్నాయో లేదో వేరుగా అడగండి. ఇక్కడ చూడాల్సింది మీమీద పడిన క్రిమినల్ కేసులో మీ లాయర్ ఖర్చు వస్తుందా అనేది. జవాబు మినహాయింపు వాక్యం ఎలా మొదలవుతుందో దాన్నిబట్టి ఉంటుంది. "ఫర్ బాడిలీ ఇంజురీ" అని ఉంటే గాయానికిచ్చే పరిహారం మాత్రమే బయటికి పోతుంది. నిర్లక్ష్యం కేసులో మీ తరఫు వాదనకయ్యే ఖర్చు పాలసీలోనే మిగులుతుంది. "అరైజింగ్ ఔట్ ఆఫ్ బాడిలీ ఇంజురీ" అనో, "బేస్డ్ అపాన్, అట్రిబ్యుటబుల్ టు" అనో ఉంటే ప్రమాదంతో ముడిపడిన ప్రతి కేసూ బయటికే. క్రిమినల్ కేసు, వాటాదారుడి కేసు, విచారణ, అన్నీ పోతాయి. బాయిలరు, అమోనియా ఉన్న ఫ్యాక్టరీ బోర్డులో ఉండేవాళ్లకు ఆ రెండో రకం వాక్యంతో పాలసీ ఉన్నా అసలు అవసరానికి పనికిరాదు. కాలుష్యం మినహాయింపులోనూ ఇదే తేడా చూడాలి. గుజ్జు కడిగిన నీళ్లు చెరువులోకి పోయాయని కాలుష్య నియంత్రణ మండలి నోటీసిస్తే శుభ్రం చేసే ఖర్చు రాదు. కానీ డైరెక్టరు వాదన ఖర్చుకు ఎక్స్‌టెన్షన్, అంటే అదనంగా కలిపే రక్షణ, దొరుకుతుంది.

బెయిల్ గురించి ఒక మాట. చాలా పాలసీల్లో బెయిల్ బాండు తెచ్చుకోవడానికయ్యే ఖర్చు ఉంటుంది, కోర్టులో కట్టే పూచీ మొత్తం ఉండదు. క్రిమినల్ కేసులో పడ్డ జరిమానా ఏ పాలసీ కట్టదు.

ఇప్పుడు కుటుంబ కంపెనీలకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే కేసు తీసుకుందాం. లెక్కలు అర్థం కావడానికి ఊహించినవి. మీరు చేరిన కంపెనీలో మేనేజింగ్ డైరెక్టరుగా తమ్ముడున్నాడు. అన్న కొడుకు ఒకప్పుడు డైరెక్టరు. గొడవపడి బోర్డునుంచి తప్పుకున్నాడు, 18 శాతం వాటా మాత్రం అట్టిపెట్టుకున్నాడు. పాలసీ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఫిబ్రవరి 20న అతని లాయరు నోటీసు పంపాడు: లారీ బాడుగల పేరుతో మేనేజింగ్ డైరెక్టరు భార్య నడిపే ట్రాన్స్‌పోర్టుకు మార్కెట్ రేటుకన్నా ఎక్కువ చెల్లించారు, బోర్డు కళ్లు మూసుకుని తీర్మానం చేసింది, ఆ డబ్బు డైరెక్టర్లు వ్యక్తిగతంగా కంపెనీకి తిరిగి కట్టాలి. ఆ తీర్మానం మీద మీ సంతకం కూడా ఉంది.

మేనేజింగ్ డైరెక్టరు ఆ నోటీసు చదివి, ఇంటి గొడవే కదా, పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుకుందామని బీరువాలో పెట్టాడు. మార్చిలో ఏజెంటు వచ్చి వేరే ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రీమియం తక్కువని చెబితే ఏప్రిల్ 1 నుంచి అక్కడికి మార్చాడు. కొత్త ప్రపోజల్ ఫారంలో "క్లెయిముకు దారితీసే సంగతులేమైనా తెలుసా" అన్నచోట "లేదు" అని టిక్కు పెట్టాడు. జూన్‌లో తోతాపురి సీజన్ మంచి ఊపులో ఉండగా కంపెనీ చట్టం 241, 242 సెక్షన్ల కింద, కంపెనీ వివాదాలు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌లో అన్న కొడుకు పిటిషన్ వేశాడు. పదో వంతు వాటా ఉన్నవారు అలా వేయొచ్చు. ప్రతివాదులు కంపెనీ, మేనేజింగ్ డైరెక్టరు, మీరు, ఇంకో ఇద్దరు.

ఇప్పుడు రెండు ఇన్సూరెన్స్ కంపెనీలూ చెల్లించవు. కారణం ఈ పాలసీ నడిచే పద్ధతి. మోటారు పాలసీలో ప్రమాదం ఏ రోజు జరిగిందో ఆ రోజు పాలసీ ఉంటే చాలు. డీ అండ్ ఓలో పని ఎప్పుడు జరిగిందన్నది ముఖ్యం కాదు. డిమాండు మొదట ఎప్పుడొచ్చింది, అప్పటికి ఏ పాలసీ నడుస్తోంది, దానికి గడువులోగా తెలియజేశారా లేదా, ఇవే చూస్తారు. డబ్బు కట్టమనే లాయర్ నోటీసు చాలా పాలసీల నిర్వచనంలో క్లెయిమే. కోర్టు సమన్లు వచ్చేదాకా అక్కర్లేదు. కాబట్టి క్లెయిము తేదీ ఫిబ్రవరి 20, పాత పాలసీది. పాత కంపెనీ "మాకు గడువులోగా చెప్పలేదు" అంటుంది. కొత్త కంపెనీ "మా పాలసీ మొదలయ్యేముందే వచ్చిన డిమాండు, పైగా మాకు తెలిసీ చెప్పలేదు" అంటుంది. కాగితం మీద ఇద్దరి మాటా నిలుస్తుంది.

గడువు ముగిశాక తెలియజేయడానికి 30, 60 లేదా 90 రోజుల వెసులుబాటు చాలా పాలసీల్లో ఉంటుంది. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో షరతు ఉంటుంది: వేరేచోట డీ అండ్ ఓ పాలసీ తీసుకుంటే ఈ వెసులుబాటు ఉండదు. కంపెనీ మార్చేవాళ్లు పడేది సరిగ్గా ఇక్కడే. ప్రీమియంలో కొన్ని వేలు మిగిలాయనుకుంటారు, చేతిలో ఉన్న క్లెయిము పోగొట్టుకుంటారు.

అదే నోటీసు ఫిబ్రవరి 22నే ఈమెయిల్లో పాత ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి ఉంటే కథ వేరుగా ఉండేది. పాలసీ షెడ్యూల్లో నోటీసు పంపాల్సిన చిరునామా ఉంటుంది, అక్కడికే పంపాలి. ఏజెంటుకు ఫోన్లో చెప్పినా, వాట్సాప్‌లో ఫొటో పెట్టినా తెలియజేసినట్టు లెక్క కాదు. పంపేదాంట్లో నోటీసు కాపీ, వచ్చిన తేదీ, ఎవరెవరి పేర్లున్నాయి, ఏ తీర్మానం, ఏ సంవత్సరాల లావాదేవీలు అనేవి ఉంటే చాలు. ఆ తర్వాత జూన్‌లో పిటిషన్ పడ్డా అది ఫిబ్రవరి క్లెయిముకు కొనసాగింపే, పాత పాలసీనుంచే నడుస్తుంది. ఇంకా డిమాండు రాకపోయినా వచ్చే సూచనలుంటే "ఇలాంటి పరిస్థితి ఏర్పడింది" అని ముందే తెలియజేసే క్లాజు కూడా ఉంటుంది. వాటాదారుడు మీటింగులో లేచి "కోర్టులో చూసుకుందాం" అన్నాడంటే అది తెలియజేయదగిన సంగతే. అయితే వివరాలు స్పష్టంగా ఉండాలి. "భవిష్యత్తులో కేసులు రావొచ్చు" అని మొత్తంగా ఒక లైను రాసి పంపితే ఒప్పుకోరు.

సరే, సమయానికి తెలియజేశారనుకుందాం. తర్వాతి అడ్డంకి లోపలివాళ్ల మధ్య వివాదాల మినహాయింపు, ఇన్‌ష్యూర్డ్ వర్సెస్ ఇన్‌ష్యూర్డ్ అంటారు. పాలసీ కింద రక్షణ ఉన్న ఒకరు ఇంకొకరి మీద కేసు వేస్తే పాలసీ తప్పుకుంటుంది. కంపెనీయే తన డైరెక్టరు మీద ఉత్తుత్తి కేసు వేసి ఇన్సూరెన్స్ డబ్బు లాక్కోకుండా పెట్టిన నిబంధన ఇది. ఉద్దేశం న్యాయమైనదే. కానీ అన్నదమ్ములు, బావమరుదులు బోర్డులో కూర్చునే కంపెనీల్లో వచ్చే గొడవల్లో చాలావరకు ఈ మినహాయింపు కిందికే వస్తాయి. పైగా "డైరెక్టరు" అంటే పాత డైరెక్టరు కూడానని నిర్వచనంలో ఉంటుంది కాబట్టి అన్న కొడుకు తప్పుకున్నా లోపలివాడే.

దీనికి మినహాయింపుల మీద మినహాయింపులుంటాయి, అవే చదవాలి. బోర్డు వదిలి ఇంత కాలం దాటినవారు వేసిన కేసు, డైరెక్టర్ల ప్రోద్బలం లేకుండా వాటాదారుడు స్వయంగా వేసిన కేసు, ఉద్యోగానికి సంబంధించిన కేసు, లిక్విడేటర్ వేసిన కేసు, ఇవి చాలా పాలసీల్లో తిరిగి లోపలికొస్తాయి. మన ఉదాహరణలో అన్న కొడుకు నోటీసుకు 14 నెలల ముందు రాజీనామా చేశాడనుకోండి. పాలసీలో "12 నెలలు" అని ఉంటే క్లెయిము నిలుస్తుంది, "24 నెలలు" అని ఉంటే పోతుంది. రాజీనామా తేదీ ఎలా తేలుతుందంటే, అతని ఉత్తరం కంపెనీకి అందిన రోజు, లేదా అందులో రాసుకున్న తేదీ, రెండింటిలో ఏది తర్వాతదైతే అది. డైరెక్టరు మారినట్టు కంపెనీల రిజిస్ట్రారుకు తెలిపే డీఐఆర్-12 ఫారం కంపెనీ ఆలస్యంగా వేయడంవల్ల అసలు తేదీ మారదు. కానీ క్లెయిము అధికారి మొదట చూసేది రిజిస్ట్రార్ రికార్డునే, కాబట్టి ఉత్తరం అందినట్టు రుజువు దాచుకోవాలి. అతను ఇంకా బోర్డులోనే ఉంటే మామూలు పాలసీలో ఏమీ రాదు. కుటుంబ కంపెనీలకు ఈ మినహాయింపును "కంపెనీ తానే డైరెక్టరు మీద వేసిన కేసుల" వరకు కుదించి ఇవ్వమని, లేదా వాదన ఖర్చు మాత్రమైనా మినహాయింపునుంచి తప్పించమని అడగొచ్చు. అదనపు ప్రీమియానికి ఇస్తారు. పెద్ద వాటాదారుల మినహాయింపు అని ఇంకొకటుంది: ఇంత శాతం పైన వాటా ఉన్నవాళ్లు వేసిన కేసు రాదని. శాతం షెడ్యూల్లో ఉంటుంది. అక్కడ 15 అని ఉంటే 18 శాతం వాటా ఉన్న అన్న కొడుకు కేసు ఈ దారిలో కూడా పోతుంది. కాబట్టి మీ కంపెనీ వాటాదారుల పట్టిక పక్కన పెట్టుకుని ఈ రెండు క్లాజులూ చదవండి.

ఇక డబ్బు లెక్క. పిటిషన్ నడపడానికి మొత్తం 40 లక్షలు ఖర్చయింది. దీనిలో డైరెక్టర్ల వాదనకు 24 లక్షలు, కంపెనీ తరఫు వాదనకు 16 లక్షలు. ఈ పాలసీలో సైడ్ సీ లేదనుకుంటే ఆ 16 లక్షలు కంపెనీయే భరించాలి. ఒకే లాయరు అందరికీ కలిపి ఒకే బిల్లు ఇస్తే ఈ విభజన మీదే నెలలు గడుస్తాయి. అందుకని మొదటినుంచే బిల్లులు వేరుగా ఇప్పించుకోవాలి. 24 లక్షలు కంపెనీ కట్టింది, సైడ్ బీలో ముందు భరించాల్సింది ఐదు లక్షలు. ఇన్సూరెన్స్ కంపెనీనుంచి వచ్చేది 19 లక్షలు. లిమిట్ ఐదు కోట్లనుంచి నాలుగు కోట్ల 81 లక్షలకు దిగుతుంది. ఇదంతా ఆ లాయరును పెట్టుకునేముందే ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి తీసుకుని ఉంటేనే. అనుమతికి ముందు పెట్టిన ఖర్చు సాధారణంగా తిరిగి రాదు. అత్యవసరమైతే కొన్ని పాలసీలు లిమిట్‌లో కొంత శాతం వరకు ఒప్పుకుంటాయి. రాజీ కుదుర్చుకోవడానికీ ఇదే నియమం. పెద్దమనుషుల ముందు కూర్చుని "సరే, యాభై లక్షలిస్తాం" అని ఒప్పుకుని ఆనక క్లెయిము వేస్తే రాదు.

తర్వాతిది మోసం సంగతి. మోసం, నిజాయతీ లేని పని, తనకు హక్కులేని లాభం, వీటికి పాలసీ వర్తించదు. దీంతో చాలామంది, ఆరోపణలో "మోసం" అన్న మాటుంటే చాలు క్లెయిము పోయినట్టేననుకుంటారు. అలా కాదు. మంచి పాలసీలో ఈ మినహాయింపు అప్పీళ్లన్నీ అయిపోయి తుది తీర్పులో నేరం తేలాకే పనిచేస్తుంది. ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వు మీద 45 రోజుల్లో అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీకి వెళ్లొచ్చు, అక్కడినుంచి చట్టపరమైన అంశం మీద 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. అప్పటిదాకా వాదన ఖర్చు ఇస్తూనే ఉండాలి. బాడుగల డబ్బు మళ్లించినట్టు చివరికి తేలితే మేనేజింగ్ డైరెక్టరుకు ఇచ్చిన ఖర్చు అతని దగ్గరే వెనక్కి వసూలు చేస్తారు. అతను తిరిగి కట్టాల్సిన బాడుగల తేడా ఎప్పుడూ పాలసీ కిందికి రాదు, ఎందుకంటే అది అతనిది కాని డబ్బు. "తుది తీర్పు" అన్న మాటకు బదులు "వాస్తవంగా జరిగితే" అన్న అర్థం వచ్చే మాటుంటే, ఇన్సూరెన్స్ కంపెనీ తానే తేల్చుకుని మధ్యలో చేతులెత్తేయొచ్చు. అలాంటి పాలసీకి ఒప్పుకోకండి.

మీకు అత్యవసరమైన క్లాజు దీని పక్కనే ఉంటుంది. ఒక డైరెక్టరు చేసిన పని, అతనికి తెలిసిన సంగతి ఇంకొకరికి అంటగట్టకూడదనే క్లాజు, సెవరబిలిటీ అంటారు. బాడుగల సంగతి మీకు తెలియకపోతే మేనేజింగ్ డైరెక్టరు మోసం తేలినా మీ రక్షణ చెక్కుచెదరకూడదు. ఈ క్లాజు రెండుచోట్ల కావాలి, పైన చెప్పిన మోసం మినహాయింపుకూ ప్రపోజల్ ఫారానికీ. రెండోదాన్ని చాలామంది చూసుకోరు. ప్రపోజల్‌లో మేనేజింగ్ డైరెక్టరు అబద్ధం టిక్కు పెడితే పాలసీయే చెల్లదని ఇన్సూరెన్స్ కంపెనీ అనగలదు. అప్పుడు ఏమీ తెలియని మీరు కూడా రోడ్డున పడతారు. సైడ్ ఏ వరకైనా పాలసీని ఏ కారణంతోనూ రద్దు చేయబోమనే మాట రాయించుకోండి.

కంపెనీ చట్టం కూడా మీలాంటివారికి కొంత నీడ ఇస్తుంది. 149వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ ప్రకారం రోజువారీ పనిలో లేని డైరెక్టరు, బోర్డు ప్రక్రియలో తనకు తెలిసి, తన అంగీకారంతోనో కుమ్మక్కుతోనో జరిగినవాటికి, లేదా తాను శ్రద్ధగా వ్యవహరించనివాటికే బాధ్యుడు. చివరి మాట చిన్నది కాదు. బాడుగల తీర్మానం రోజు మీరు రేట్ల పోలిక అడిగి, అది మినిట్స్‌లోకి ఎక్కితే మీ లాయరు పని సగం తేలికవుతుంది. అడగకుండా సంతకం పెడితే "తెలియదు" అన్న మాటకు బలం ఉండదు.

మీరు బ్యాంకులో పనిచేసినవారు కాబట్టి తర్వాతిది మీకే బాగా తెలుస్తుంది. వర్కింగ్ క్యాపిటల్ లోను రెన్యువల్‌కు డైరెక్టర్లందరి వ్యక్తిగత గ్యారంటీ అడుగుతారు. ఆ సంతకానికీ డీ అండ్ ఓకూ సంబంధం లేదు. గ్యారంటీ మీరు సొంతంగా చేసుకున్న ఒప్పందం, డైరెక్టరుగా చేసిన తప్పు కాదు. 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు గ్యారంటీ ఇచ్చినవారి మీద దివాలా చట్టం కింద నేరుగా వెళ్లే వీలుంది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తిరుపతిలో ఇల్లుండి, వాటా లేకుండా బోర్డులో ఉండే మనిషి గ్యారంటీ ఇవ్వడం నా లెక్కలో ఏమాత్రం తగదు. వాటా ఉన్నవాళ్లు ఇచ్చుకోనివ్వండి.

ఇదే దారిలో రైతులకు ఇవ్వాల్సిన కాయ డబ్బు, డబ్బాల సరఫరాదారు బాకీ, ఎగుమతి ఒప్పందం తప్పినందుకు పడ్డ పెనాల్టీ కంపెనీ బాకీలు. ఏ పాలసీ కట్టదు. కాయ డబ్బుకు కంపెనీ ఇచ్చిన చెక్కు బౌన్సయి చెక్కు చట్టం 138, 141 సెక్షన్ల కింద డైరెక్టర్లను కూడా చేరిస్తే చెక్కు మొత్తం రాదు. వాదన ఖర్చు పాలసీ మాటలను బట్టి రావొచ్చు. పన్నులు కూడా మినహాయింపే. జీఎస్టీ చట్టం 89వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కంపెనీనుంచి వసూలు కాని పన్ను, ఆ కాలంలో డైరెక్టర్లుగా ఉన్నవాళ్లనుంచి రాబట్టొచ్చు. తమ తీవ్రమైన నిర్లక్ష్యం, విధి తప్పడంవల్ల అలా జరగలేదని వాళ్లే నిరూపించుకోవాలి. కంపెనీ దివాలా తీసినప్పుడు డైరెక్టరు మీద పడే ఇలాంటి పన్నుకు కొన్ని పాలసీల్లో చిన్న ఉపపరిమితితో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, అడిగితేనే ఇస్తారు. దివాలాకు సంబంధించిన ప్రతి క్లెయిమునూ తీసేసే మినహాయింపు ఎక్కడైనా కలిపారేమో కూడా చూడండి. కంపెనీ చేతిలో డబ్బు లేనప్పుడే మీకు సైడ్ ఏ కావాలి, సరిగ్గా అప్పుడే అది మాయమవుతుంది.

చేరేముందు చేయాల్సింది ఇది. ఏజెంటు ఇచ్చిన రెండు పేజీల బ్రోచరు కాకుండా షెడ్యూలు, పూర్తి పాలసీ, ఎండార్స్‌మెంట్లన్నీ, పోయిన రెన్యువల్ ప్రపోజల్ ఫారం కాపీ అడగండి. ఎండార్స్‌మెంట్లు ముందు చదవండి, ఎందుకంటే పాలసీ లోపల ఇచ్చిన మంచి క్లాజును వెనక అంటించిన ఒక్క కాగితం తీసేయగలదు. గాయం మినహాయింపు మొదటి మాటలు, లోపలివాళ్ల వివాదాల మినహాయింపులో నెలల లెక్క, పెద్ద వాటాదారుల శాతం, తుది తీర్పు మాట, సెవరబిలిటీ, ఈ ఐదింటి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. పాలసీ షెడ్యూల్లో వెనకటి తేదీ ఒకటి ఉంటుంది. ఆ తేదీకి ముందున్న కేసులకు, కొన్ని పాలసీల్లో అంతకుముందు జరిగిన పనులకు కూడా రక్షణ ఉండదు. కంపెనీ మార్చినప్పుడల్లా ఆ తేదీ ముందుకు జరగకుండా పాతదే ఉంచమని అడగాలి.

కంపెనీతో మీకొక ఉత్తరం ఉండాలి. డైరెక్టరు హోదాలో వచ్చే ఖర్చులు చట్టం అనుమతించినంత మేర కంపెనీ భరిస్తుందని, మీరు తప్పుకున్నాక కనీసం ఆరేళ్లు పాలసీ కొనసాగిస్తుందని, పాలసీ మారినా ఆగినా 15 రోజుల్లో మీకు చెబుతుందని, నోటీసు ఎవరికొచ్చినా రెండు రోజుల్లో డైరెక్టర్లందరికీ కాపీ పంపుతుందని అందులో రాయించండి. చివరిదే బీరువాలో నోటీసు పడుకోకుండా ఆపేది. మీరు సొంతంగా కూడా ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయవచ్చు, మేనేజింగ్ డైరెక్టరు పంపేదాకా ఆగనక్కర్లేదు. అందుకే పాలసీ నంబరు, నోటీసు పంపాల్సిన ఈమెయిలు మీ ఇంట్లో ఉంచుకోండి.

తప్పుకునే రోజు వస్తే రాజీనామా ఉత్తరం కంపెనీకి ఈమెయిల్లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. కంపెనీ ఫారం వేయకపోతే డీఐఆర్-11లో మీరే రిజిస్ట్రారుకు తెలియజేయొచ్చు. మీరున్న కాలంలో జరిగినవాటికి బాధ్యత తర్వాత కూడా ఉంటుంది. ఫ్యాక్టరీని వేరేవాళ్లకు అమ్మితే ఆ రోజునుంచి జరిగే పనులకు పాలసీ ఆగిపోతుంది. అంతకుముందు జరిగినవాటిమీద తర్వాత వచ్చే క్లెయిములకు ఆరేళ్లపాటు రక్షణ ఇచ్చే రన్-ఆఫ్ కవరు అమ్మకం పూర్తయ్యేలోగానే కొనిపించాలి. డబ్బు చేతులు మారాక కొత్త యజమాని దాని గురించి పట్టించుకోడు.